బీరువాలో సబ్బు బిళ్లలు

సబ్బు పొడిని గుప్పెటతో కొలిచే ఆటవిక యుగం మా కావలి ఇంట్లో ముగిసింది. సంక్రాంతికి వచ్చిన కోడలు ఒక డబ్బా తెచ్చింది. లోపల నీలం, ఊదా రంగుల్లో మెత్తటి బిళ్లలు. బట్టల మెషీన్లో వేసే పాడ్లట, లోపల ద్రవం సబ్బు. వీటితో కొలత తప్పే సమస్యే లేదంది. నిజమే, కొలతంటూ ఉంటే కదా తప్పడానికి! మెషీన్ నిండా దుప్పట్లు వేసినా ఒకటే, నా రెండు లుంగీలు వేసినా ఒకటే.

"రెండు లుంగీలకి ఇంతా?" అని మా ఆవిడ కత్తెర తెచ్చింది. సగం బిళ్ల దాచుకుందామని ఆమె పొదుపు. కోయగానే చిక్కటి ద్రవం చేతి మీదుగా కారిపోయింది. ఆ రోజు అందరికంటే శుభ్రపడింది కత్తెరే.

మర్నాడు నా వంతు. పొడి వేసే సొరుగులో పెట్టాను. అక్కడ నీళ్లు చాలక సగం కరిగి బంకలా అతుక్కుంది. పాడ్‌ని ఖాళీ డ్రమ్ములో అడుగున వేసి, ఆపైన బట్టలు వేయాలట. పోనీ అలాగే వేస్తే, మా బోరు నీళ్లకి ఒకటి చాల్లేదు. ఉప్పు నీళ్లలో పొడైతే ఇంకో అర చెంచా వేస్తాం. పాడ్‌ని అరచెంచా పెంచలేం కాబట్టి రెండు వేశాను. మూడుసార్లు జాడించినా జిగురు వదల్లేదు. తువ్వాలు ఆరాక అట్టలా బిగిసింది.

చేపల పులుసు మరక మాత్రం చెక్కు చెదరలేదు. దానికోసం వాసన పూసలు కూడా పోశాం. ఆ పూసలు ఉతకవు, ఉన్న బట్టకి సువాసన పూస్తాయంతే. ఇప్పుడు మరక మల్లెపూల వాసన వేస్తోంది. కాగితంలాంటి సబ్బు షీట్లూ వచ్చాయి. సగానికి చించుకోవచ్చు, అదొక్కటే వాటి గొప్ప. పులుసు ముందు అవీ చేతులెత్తేశాయి.

ఇక మూడేళ్ల మనవడి పరిశోధన. వాడి లెక్కన పాడ్ అంటే జెల్లీ. తడి చేత్తో పట్టుకున్నాడు. పైన ఉన్న పొర నీళ్లకి కరగడానికే పుట్టింది కదా, పిసకగానే పగిలి కంట్లోకి చిమ్మింది. పొడి కంటే ఇంత గాఢమైన ద్రవంతోనే ప్రమాదం ఎక్కువ. కోడలు వాడి కన్ను తెరిచి పట్టుకుని పావుగంట పైనే కుళాయి నీళ్లు పోసి, డబ్బాతో సహా ఆసుపత్రికి పరిగెత్తింది. కన్ను బాగానే ఉంది. నోట్లోకి పోయుంటే వాంతి చేయించకండి, నోరు కడిగి వెంటనే తీసుకురండి, దగ్గు, మగత ఉంటే 108కి ఫోన్ చేయండి అన్నారు డాక్టరు గారు.

మిగిలిన పన్నెండు బిళ్లలూ ఇప్పుడు బీరువాలో బంగారం పక్కన ఉన్నాయి. తాళం మా ఆవిడ కొంగున ఉంది. పొడి మాత్రం వాడికి అందని ఎత్తులో, చెంచాతో సహా అటక మీద.