ఒకేలా కనిపించే పద్నాలుగు ఫొటోలు ఒకటి కావు

పోయిన నెల నా ఫోన్‌లో స్థలం నిండిపోయింది. ఏడెనిమిదేళ్ల ఫొటోలు, పాత ఫోన్ నుంచి వచ్చినవి, వాట్సాప్‌లో వచ్చినవి, నేను పంపినవి అన్నీ కలిసి కొత్త ఫొటో తీయడానికి కూడా వీలు లేకుండా చేశాయి. డూప్లికేట్ ఫొటోలను వెతికి పెట్టే యాప్ ఒకటి వేసుకున్నాను. అది ఒకేలాంటి ఫొటోలను గుంపులుగా పేర్చి, ప్రతి గుంపులో ‘మంచిది’ అనుకున్న ఒక్కదాన్ని వదిలి, మిగిలినవాటికి తానే టిక్కులు పెట్టి చూపించింది. పది, పదిహేను గుంపులు తెరిచి చూశాను, ఒక్కటి తప్ప అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మిగిలిన వందల గుంపులను తెరవకుండానే తొలగించమన్నాను.

వాటిలో 2019 ఫిబ్రవరిలో జరిగిన మా చెల్లి పెళ్లి ఫొటోల గుంపు ఒకటి ఉంది. తలంబ్రాల సమయంలో నేను ఆపకుండా తీసిన పద్నాలుగు ఫొటోలు అవి. వధూవరుల వెనుక కుర్చీలో మా నాన్నమ్మ కూర్చుని ఉంది. పద్నాలుగింటిలో ఒక్కదానిలోనే ఆమె కళ్లు తెరిచి, నోరారా నవ్వుతూ ఉంది. యాప్ ఉంచిన ఫొటోలో ఆమె కళ్లు మూసుకుని, తల పక్కకు తిప్పుకుని ఉంది. 2021లో ఆమె మాకు దూరమైంది. ఆ యాప్ ఫొటోలను ట్రాష్‌కు పంపకుండా నేరుగా తుడిచేసింది, నా ఫోన్‌కు బ్యాకప్ లేదు.

ఇలా ఎందుకు జరిగిందో తెలుసుకోవాలని ఈ యాప్‌ల పనితీరు గురించి చదివాను. అచ్చంగా ఒకే ఫైలుకు రెండు ప్రతులుంటే కనిపెట్టడం తేలిక. ఫైలులోని బైట్లన్నింటినీ లెక్కలోకి తీసుకుని హ్యాష్ అనే ఒక సంఖ్య తీస్తారు, రెండింటి సంఖ్యా ఒకటే అయితే అవి ఒకటే ఫైలు. ఇందులో పొరపాటుకు దాదాపు తావు లేదు. అయితే ఒక్క బైటు మారినా ఈ సంఖ్య పూర్తిగా మారిపోతుంది కనుక, వరసగా తీసిన ఫొటోలను గుర్తించడానికి ఇది పనికిరాదు. దాని కోసం వేరే పద్ధతులున్నాయి. వాటిలో అందరికీ అర్థమయ్యేది డిహ్యాష్. ఫొటోను నలుపు తెలుపులోకి మార్చి, అడ్డంగా 9, నిలువుగా 8 గడులు మాత్రమే మిగిలేంతగా కుదిస్తారు. ప్రతి వరసలో ఒక గడి తన పక్క గడి కంటే వెలుతురుగా ఉందా లేదా అని చూస్తారు. వరసకు 8 పోలికల చొప్పున మొత్తం 64 అవును, కాదు జవాబులు వస్తాయి. రెండు ఫొటోల జవాబుల్లో తేడాలు కొద్దిగానే ఉంటే, అవి ఒకేలాంటివని తేలుస్తారు.

ఈ లెక్కను మా తలంబ్రాల ఫొటోకు వేసి చూశాను. ఆ ఫొటో వెడల్పు 4000 పిక్సెల్‌లు, ఎత్తు 3000. దాన్ని 9, 8 గడులుగా చేస్తే ఒక్కో గడిలోకి సుమారు 444 పిక్సెల్‌ల వెడల్పు, 375 పిక్సెల్‌ల ఎత్తు ఉన్న ముక్క వచ్చి పడుతుంది. నాన్నమ్మ ముఖం వెడల్పు దాదాపు 200 పిక్సెల్‌లు. అంటే ఆమె ముఖం మొత్తం కలిపినా ఒక్క గడిలో సగం వెడల్పు కూడా రాదు. కనురెప్పలు తెరిచినా మూసినా ఆ గడి సగటు వెలుతురు దాదాపు మారదు, 64 జవాబుల్లో ఒక్కటీ మారకపోవచ్చు. ఆ లెక్క ప్రకారం నవ్వుతున్న నాన్నమ్మా, కళ్లు మూసుకున్న నాన్నమ్మా ఒక్కటే. ఇంతకన్నా లోతుగా పోల్చే పద్ధతులు వాడే యాప్‌లూ ఉన్నాయి, కానీ మొత్తం ఫొటోను పోల్చే ఏ పద్ధతికైనా మూలన ఉన్న చిన్న ముఖం చిన్న విషయమే.

ఇక గుంపులో మంచి ఫొటోను ఎంచడం అనేది ఇంకో సంగతి. నా ఫోన్‌లో మిగిలిన ఫొటోలను చూస్తే, ప్రతి గుంపులోనూ ఫైలు సైజు పెద్దదాన్నే ఆ యాప్ ఉంచిందని అనిపించింది. ఫొటోలో చిన్న చిన్న వివరాలు ఎక్కువైతే ఫైలు పెద్దదవుతుంది. గాలిలో తలంబ్రాలు ఎక్కువగా చెదిరిన క్షణం ఫైలు పెద్దదై ఉంటుంది, అందుకే అది మిగిలి ఉంటుంది. ఒక పెళ్లి ఫొటోలో ఏది ముఖ్యమో ఇంట్లోవాళ్లకు తప్ప మరెవరికీ తెలియదు. తెలియని ఆ విషయంలో యాప్ ముందే టిక్కులు పెట్టి చూపించడం నాకు చాలా పెద్ద తప్పుగా కనిపిస్తోంది. గుంపుగా పేర్చి చూపించి ఊరుకుంటే అది నాకు సాయం, టిక్కులు పెడితే అది నా తరఫున తీర్పు.

కాగితాల ఫొటోలకు ఇంకా పెద్ద ప్రమాదం. నాన్నగారి పట్టాదారు పాసు పుస్తకం ఆరు పేజీలను ఒకే బల్ల మీద, ఒకే దీపం కింద తీసి ఉంచాను. ఆరూ ఒకే గుంపులో పడ్డాయి. తెల్ల కాగితాన్ని అంత తక్కువ గడులుగా కుదిస్తే అక్షరాలన్నీ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి, దీపం ఉన్న వైపు వెలుతురు, లేని వైపు నీడ మాత్రమే మిగులుతాయి. ఆ పేజీలు తెరిచి చూసిన గుంపుల్లో ఉన్నాయి కనుక బతికిపోయాయి.

డూప్లికేట్‌లు తీసేయడమే తప్పని నేను అనడం లేదు. ఐఫోన్‌లో 2022 నాటి ఐఓఎస్ 16 నుంచి ఉన్న Duplicates ఆల్బమ్ దీన్ని చాలా మేలైన పద్ధతిలో చేస్తుంది. అది వరసగా తీసిన ఫొటోల జోలికి పోకుండా, ఒకే ఫొటో ప్రతులను మాత్రమే చూపిస్తుంది. కలిపినప్పుడు నాణ్యత ఎక్కువున్న ప్రతిని ఉంచి, మిగిలినవాటిని Recently Deletedలోకి పంపుతుంది. ఆండ్రాయిడ్‌లో కూడా నేనిప్పుడు మొదట అచ్చమైన ప్రతులనే వెతికించి తీసేస్తున్నాను. తరువాత ఫైల్ మేనేజర్‌లో ఈ ఫోల్డర్ తెరుస్తున్నాను:

```
Android/media/com.whatsapp/WhatsApp/Media/WhatsApp Images/Sent
```

ఇవి మనం ఇతరులకు పంపినప్పుడు వాట్సాప్ చేసుకున్న ప్రతులు. అసలు ఫొటో కెమెరా ఫోల్డర్‌లో ఉందని ఒక్కొక్కటి చూసుకున్నాకే వీటిని తీసేస్తున్నాను. వీటిని తీసేస్తే చాట్‌లో ఆ ఫొటోలు తెరుచుకోకపోవచ్చు, నాకది ఇబ్బంది కాదు. జత ఫొటోల్లో ఏది అసలైనదో తెలియకపోతే పేరు చూస్తే చాలు. IMG-20190221-WA0037.jpg లాగా తేదీ తరువాత WA ఉంటే అది వాట్సాప్ ప్రతి. దాని వివరాలు తెరిస్తే ఏ ఫోన్‌తో తీశారో, ఎక్కడ తీశారో ఉండదు, వాట్సాప్ వాటిని తొలగించి పంపుతుంది. పేరులోని తేదీ ఫొటో తీసిన రోజు కాదు, పంపిన లేదా అందుకున్న రోజు. పొరపాటున దీన్ని ఉంచి అసలుదాన్ని తీసేస్తే, ఫొటోతో పాటు దాని తేదీ కూడా పోతుంది.

వరసగా తీసిన ఫొటోలను మాత్రం ఇప్పుడు చేత్తోనే చూస్తున్నాను. ముఖాల మీద రెండు వేళ్లతో పెద్దది చేసి, ఒక్కో మనిషినీ చూసి, ఆ తరువాతే తీసేస్తున్నాను. రోజుకు ఇరవై గుంపులకు మించి కుదరడం లేదు. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన వాటిని అక్కడినుంచే తీస్తే క్లౌడ్‌లోనూ పోతాయి కానీ 60 రోజులు ట్రాష్‌లో ఉంటాయి కనుక, ఇప్పుడు బ్యాకప్ పూర్తయ్యాకే అందులో చేస్తున్నాను.

నాన్నమ్మ నవ్విన ఫొటోను పెళ్లయిన నాలుగో రోజు మా పెద్దమ్మ కూతురికి పంపానని గుర్తొచ్చి, అక్కకు ఫోన్ చేశాను. ఆమె చాట్‌లో పాత మెసేజ్‌లు ఇంకా ఉన్నాయి. వెతికి పంపింది. వెడల్పు 1600 పిక్సెల్‌లు. 4000 పిక్సెల్‌ల ఫొటోలో 200 ఉన్న నాన్నమ్మ ముఖం ఇందులో 80 పిక్సెల్‌లే. పెద్దది చేస్తే కళ్లు తెరిచి ఉన్నాయని తెలుస్తుంది, పళ్ల వరస తెలియదు. దాని తేదీని పెళ్లి రోజుకు మార్చి, పెళ్లి ఫొటోల మధ్యలో పెట్టుకున్నాను.