35 శాతం తగ్గింపు: ఏ ధర మీద?

"పండగ సేల్‌లో గేమింగ్ ల్యాప్‌టాప్‌లు, గ్రాఫిక్స్ కార్డులు 35, 40 శాతం తగ్గాయి. ఏడాది మొత్తంలో ఇదే తక్కువ ధర. నో కాస్ట్ ఈఎంఐ కాబట్టి వడ్డీ కూడా లేదు. ఇప్పుడు షాపులో కొనడమంటే డబ్బులు పారేసుకోవడమే. ఫ్రెండ్స్ అందరికీ పంపండి."

దసరా దగ్గరపడితే చాలు, తిరుపతిలో ఇంజనీరింగ్ పిల్లల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తిరగడం మొదలవుతుంది. బాలాజీ కాలనీలో మా పక్కింటి అబ్బాయి దీన్ని నమ్మి, ఒక ల్యాప్‌టాప్‌ను కార్టులో పెట్టుకుని "అన్నా, ఈ రాత్రికే కొనేయాల" అంటూ వచ్చాడు. వాళ్ళ నాన్న చీటీ పాడి తెచ్చిన డబ్బు అది. అలాంటి డబ్బు ఒక ఫార్వర్డ్ మెసేజ్‌ను నమ్మి ఖర్చవకూడదు. ఆ ల్యాప్‌టాప్‌నే ముందు పెట్టుకుని ఒక్కో మాటా చూద్దాం.

అది RTX 4050 గ్రాఫిక్స్ చిప్ ఉన్న మోడల్. పైన కొట్టేసిన ధర 1,14,990, కింద సేల్ ధర 74,990. లెక్క ప్రకారం 35 శాతం సరిపోతుంది. అయితే ఆ కొట్టేసిన అంకె ఎంఆర్‌పీ. కంపెనీయో దిగుమతిదారో తానే వేసుకునే గరిష్ఠ ధర అది. దాన్ని మించి అమ్మకూడదని చట్టం చెబుతుంది గానీ, అసలు అమ్మే ధరకు అది దగ్గరగా ఉండాలని ఎక్కడా చెప్పదు. అందుకే గేమింగ్ ల్యాప్‌టాప్‌ల మీద ఏ రోజూ ఎవరూ కట్టని ఎంఆర్‌పీ ఉంటుంది, మామూలు రోజుల్లో కూడా అవే పేజీల్లో 30 శాతం తగ్గింపు కనిపిస్తుంది. తగ్గింపు తెలియాలంటే ఆ వస్తువు నిన్నమొన్నటిదాకా ఎంతకు అమ్ముడుపోయిందో చూడాలి.

దానికి ధరల చరిత్ర చూపించే సాధనాలు ఉన్నాయి. అమెజాన్ ఇండియాకు Keepa, మిగతా సైట్లకు కూడా కావాలంటే Buyhatke లాంటివి. వస్తువు లింకు అందులో పేస్ట్ చేస్తే గ్రాఫు వస్తుంది. చాలామంది గ్రాఫులో పైన ఉన్న శిఖరాన్ని చూసి, ఇప్పటి ధరను చూసి సంతోషపడతారు. చూడాల్సింది శిఖరం కాదు, గీత ఎక్కువ రోజులు ఏ ధర దగ్గర అడ్డంగా నిలబడిందో అది. మా పక్కింటి అబ్బాయి ల్యాప్‌టాప్ జూన్ నుంచి ఆగస్టు చివరిదాకా దాదాపు 77,990 దగ్గరే ఉంది. సెప్టెంబరులో, సేల్‌కు కాస్త ముందు, 84,990కి ఎక్కింది. సేల్ మొదలయ్యాక 74,990కి దిగింది. అంటే నిజంగా తగ్గింది 3,000 రూపాయలు, నాలుగు శాతం కూడా లేదు. అదే గ్రాఫులో వెనక్కి వెళ్తే జనవరిలో రిపబ్లిక్ డే సేల్‌కు 73,990 కనిపించింది. ఏడాదిలో తక్కువ ధర అన్న మాట అక్కడే పడిపోయింది.

గ్రాఫును కూడా గుడ్డిగా నమ్మకూడదు. బ్యాంకు ఆఫర్లు, కూపన్లు సాధారణంగా అందులో కలవవు. సరుకు అయిపోయినప్పుడు ఎవరో ఒక విక్రేత ఒకే ఒక్క పీసును లక్షకు పెడితే గీత ఉన్నట్టుండి పైకి లేస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఇంకోటి, ఒకే పేజీలో నాలుగు వేరియంట్లు ఉంటాయి. అమెజాన్‌లో ఒక్కోదానికీ B0తో మొదలయ్యే పది అక్షరాల కోడ్ వేరుగా ఉంటుంది. మీరు ఎంచుకున్న వేరియంట్ కోడ్‌కు వచ్చిన గ్రాఫునే చూడాలి.

ఈ వేరియంట్ల దగ్గరే పిల్లలు ఎక్కువ నష్టపోతున్నారు. పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. ల్యాప్‌టాప్‌లో RTX 4050 అని రాసి ఉన్నంత మాత్రాన అన్నీ ఒకేలా ఆడవు. ఆ చిప్‌కు ఎంత కరెంటు ఇవ్వాలో ల్యాప్‌టాప్ కంపెనీ నిర్ణయిస్తుంది, అది 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఉండొచ్చు. తక్కువ వాట్ల పలచటి మోడల్‌కు, ఎక్కువ వాట్ల మందపాటి మోడల్‌కు గేముల్లో తేడా బాగా తెలుస్తుంది. స్పెసిఫికేషన్లలో TGP అన్నచోట ఆ అంకె ఉంటుంది. సేల్ పేజీలో లేకపోతే పూర్తి మోడల్ నంబరుతో కంపెనీ సైట్లో వెతకండి. ర్యామ్ కూడా అంతే. 16 జీబీ రెండు స్టిక్కులుగా ఉన్న మోడల్ ధరతో, 8 జీబీ ఒకే స్టిక్కు ఉన్న మోడల్‌ను పోల్చి "తగ్గింది" అంటే అది తగ్గింపు కాదు, చవక మోడల్.

వడ్డీ లేదన్న మాట సంగతి త్వరగా తేల్చేద్దాం. సున్నా వడ్డీ అనేది లేనే లేదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. నో కాస్ట్ ఈఎంఐలో బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు విక్రేతో బ్రాండో ముందే ధరలో తగ్గిస్తారు. కానీ ఆ వడ్డీ మీద పడే 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మనమే కట్టాలి. మా పక్కింటి అబ్బాయికి బ్యాంకు కార్డు ఆఫర్ కింద 1,500 తగ్గి 73,490 అయింది. ఆరు నెలల ఈఎంఐ, 16 శాతం వడ్డీ అనుకుంటే వడ్డీ దాదాపు 3,300, దాని మీద జీఎస్టీ దాదాపు 600. ఫీజు 199, దాని మీద జీఎస్టీ కలిపి 235. కార్డు ఆఫర్‌లో సగానికి పైగా అక్కడే వెనక్కి పోయింది. ఇది పెద్ద మోసమని నేను అనను, అవసరమైనవాళ్ళకు ఈఎంఐ మంచిదే. ఉచితమని మాత్రం అనుకోవద్దు.

నిజమైన తగ్గింపులు ఉండవని కాదు. కొత్త తరం వచ్చినప్పుడు పాతదాన్ని వదిలించుకోవడానికి నిజంగానే తగ్గిస్తారు. 2025లో RTX 50 సిరీస్ ల్యాప్‌టాప్‌లు వచ్చాక 40 సిరీస్‌కు అలాంటి సందర్భం వచ్చింది. నెలల తరబడి నిలబడిన ధర కంటే గీత బాగా కిందికి దిగిందా అని చూడండి. దిగితే కొనుక్కోండి, అయితే అదే డబ్బుకు కొత్త తరంలో ఏమొస్తుందో ఒకసారి చూశాక.

ఇక షాపులు. గ్రాఫిక్స్ కార్డుల విషయంలో ఆ మెసేజ్ మాట ఎక్కువగా తప్పుతుంది. తిరుపతిలో అన్ని కార్డులూ దొరకవు, నిజమే. కానీ చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్ మనకు దూరమేమీ కాదు, రైల్లో వెళ్ళి రావచ్చు. అంతకంటే ముందు ఫోన్ చేసి, జీఎస్టీ బిల్లుతో, ఇండియా వారంటీతో ధర ఎంతో రెండు షాపుల్లో అడగండి. ఆ ధరే మీకు కొలత. సేల్ ధర దానికంటే తక్కువైతేనే అది సేల్.

కార్డు పేరు కూడా పూర్తిగా చదవాలి. RTX 3050లో 2022లో వచ్చిన 8 జీబీ కార్డు ఒకటి, 2024లో వచ్చిన 6 జీబీ కార్డు ఒకటి ఉన్నాయి. రెండోదాంట్లో తగ్గింది మెమరీ ఒక్కటే కాదు. కోర్లు 2560 నుంచి 2304కు, మెమరీ బస్ 128 బిట్ల నుంచి 96కు తగ్గాయి. 8 జీబీ ధరను పక్కన పెట్టి 6 జీబీని చవకగా చూపిస్తే మోసపోకండి. ఊరూ పేరూ లేని బ్రాండ్ల RX 580 కార్డులకు 60, 70 శాతం తగ్గింపు కనిపిస్తే ఇంకా జాగ్రత్త. అది 2017 నాటి కార్డు. పైగా పేరు చివర 2048SP అని చిన్నగా ఉంటే అసలు RX 580లోని 2304 షేడర్లు, అంటే కోర్లు, అందులో ఉండవు.

పార్సిల్ విప్పేటప్పుడు లేబుల్ కనిపించేలా ఆపకుండా వీడియో తీయండి. కార్డు పెట్టాక GPU-Z అనే ప్రోగ్రామ్ నడిపి, Shaders, Memory Size, Bus Width అన్న మూడు అంకెలను కంపెనీ సైట్లో ఉన్నవాటితో పోల్చండి. తేడా ఉంటే ఆ స్క్రీన్‌షాట్‌తో రిటర్న్ గడువు లోపలే ఫిర్యాదు పెట్టండి. విక్రేత ఒప్పుకోకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.