సవరణ: ఆరో జవాబు ఎప్పుడు రాయాలి?

“అన్నయ్యా, 8 ప్రశ్నల్లో బెస్ట్ 5 లెక్కేస్తారు, ఒక్కోటి 10 మార్కులు. 40 రావాలంటే ఐదు రాస్తే చాలన్నారు. ఆరోది రాస్తే ఏమైనా కలుస్తుందా?” – అమలాపురం నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

కలుస్తుందమ్మా. ‘ఐదు చాలు’ అన్నది సగటున 8 వచ్చేవాళ్లకే. ఆ షరతు ఇప్పుడు చేరుస్తున్నాను.

నీ ఐదింటికి 9, 8, 8, 7, 4 వచ్చాయనుకో, మొత్తం 36. ఆరోదానికి 8 వస్తే ఆ 4 పక్కకు పోయి 40 అవుతుంది. కలిసింది 8 కాదు, రెండింటి తేడా 4 మాత్రమే. కాబట్టి ముందు చూసుకోవాల్సింది నీ అయిదింటిలో అన్నిటికన్నా బలహీనమైన జవాబుని.

అసలు చిక్కు టైముతో. మూడు గంటల్లో ఐదైతే ఒక్కోదానికి 36 నిమిషాలు, ఆరైతే 30. ఆ తొందరలో ఆరింటిలోనూ ఒక్కో మార్కు జారితే పై ఐదు 8, 7, 7, 7, 6 అవుతాయి. మొత్తం 35, అంటే ఐదే రాసినప్పటికన్నా తక్కువ! అందుకే బాగా వచ్చిన నాలుగూ నిదానంగా పూర్తిచెయ్యి. అనుమానంగా ఉన్నదానికి అరగంటకు మించి పెట్టకు, మిగిలిన టైములోనే ఆరోది మొదలుపెట్టు.

ప్రశ్నపత్రం పైన సూచన కూడా చదువు. కొన్ని పరీక్షల్లో వరసలో మొదటి ఐదే దిద్దుతారు. అక్కడ ఆరోది లెక్కలోకి రావాలంటే బలహీనమైన జవాబుని అడ్డంగా కొట్టేయాలి.