మూడు పేజీల రాజీనామా ఒక్క పేజీ ఎలా అయింది

బ్యాంకు ఉద్యోగుల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య తెగ తిరుగుతున్న మాట ఇది:

"ఏళ్ళ తరబడి పిండేసిన బ్యాంకుకి థాంక్యూ చెప్పి వెళ్ళడం పిరికితనం. కడుపులో ఉన్నదంతా రాజీనామా లేఖలోనే రాసేయండి, పైవాళ్ళు చదివేది అదొక్కటే. ఎలాగూ విదేశం వెళ్ళిపోతున్నారు, ఇక మిమ్మల్ని ఏం చేయగలరు? మర్యాదగా రాసిన లేఖ అంటేనే అబద్ధం."

నేనూ అలాంటి లేఖ రాశాను. 2022 ఫిబ్రవరి ఆఖరి వారం. మా ఆయనకి టొరంటోలో ఉద్యోగం, నాకూ వీసా వచ్చింది. పల్నాడులో ఒక గ్రామీణ శాఖలో అప్పుల పని చూస్తున్నాను, తొమ్మిదేళ్ళ సర్వీసు. ఒక రాత్రి కూర్చుని మూడు పేజీలు కొట్టాను. మొదటి వాక్యమే "నన్ను ఈ రోజు నుంచే రిలీవ్ చేయండి". తర్వాత మా నాన్న గుండె ఆపరేషన్‌కి సెలవు ఇవ్వని సంగతి, ఆ తర్వాత బదిలీల్లో జరిగిన అన్యాయం, ఆ తర్వాత రైతులకి బీమా పాలసీలు అంటగట్టిన సంగతి. ప్రతి అక్షరం నిజమనే అనుకున్నాను.

మర్నాడు మా సీనియర్ ఒకాయనకి చూపించాను. ఆయన రీజనల్ ఆఫీసులో ఆరేళ్ళు హెచ్‌ఆర్ డెస్కు చూసినవారు. పెన్సిల్ తీసుకుని చదివారు. ఆ వాట్సాప్ మాటకి నా జవాబంతా ఆ సాయంత్రం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

పైవాళ్ళు చదువుతారన్న భ్రమ ముందు పోవాలి. లేఖ మేనేజర్ చేతికి వెళ్తుంది, ఆయన సిఫారసుతో రీజనల్ ఆఫీసుకి చేరుతుంది. అక్కడ డెస్కు ఆఫీసర్ ఒక నోట్ పెడతాడు: స్టాఫ్ నంబరు, చేరిన తేదీ, నోటీసు సరిపోయిందా, క్రమశిక్షణ కేసు గానీ విజిలెన్స్ కేసు గానీ ఉందా, హౌసింగ్ లోన్, ఓవర్‌డ్రాఫ్ట్ ఎంత బాకీ. అధికారి సంతకం చేసేది ఆ నోట్ మీద. లేఖ దాని వెనక టాగ్‌కి గుచ్చి ఉంటుంది. అందులో ఎవరి మీదైనా ఆరోపణ ఉంటే డెస్కు ఆఫీసర్ ఊరుకోడు, "సంబంధిత మేనేజర్ వివరణ కోరడమైనది" అని రాసి ఫైలు వెనక్కి పంపుతాడు. అంటే మా నాన్న ఆపరేషన్ గురించి నేను రాసిన పేరా చదివేది సెలవు ఇవ్వని మనిషే.

"సెలవు ఎలా అడిగావమ్మా?" అని అడిగారు ఆయన.

"ఫోన్లో సార్. క్వార్టర్ ఎండింగ్, ఇప్పుడు కుదరదన్నారు."

"అయితే ఆయన ఏం రాస్తాడో చెప్పనా? 'సదరు అధికారి నుంచి సెలవు దరఖాస్తు ఏదీ అందలేదు' అని. అది నిజం కూడాను. నీ ఫైల్లో నువ్వు అబద్ధాలకోరువి అవుతావు."

నాకు నోట మాట రాలేదు. సెలవు నిరాకరించడం జరిగింది, కానీ దానికి కాగితం లేదు. 2019లో ఒక్క మెయిల్ పెట్టి ఉంటే అది కాగితం అయ్యేది. మూడేళ్ళ తర్వాత రాజీనామాలో రాస్తే కాదు.

ఇక వాళ్ళు ఏం చేయగలరన్న ప్రశ్న. చాలా చేయగలరు, అదీ నిబంధనల ప్రకారమే. జాతీయ బ్యాంకుల అధికారుల సర్వీసు నిబంధనలు 1979 నాటివి. వాటిలో 20వ నిబంధన ప్రకారం మూడు నెలల నోటీసు గడిస్తే తప్ప రాజీనామా అమల్లోకి రాదు. ఆ గడువు తగ్గించే అధికారం బ్యాంకుది. తగ్గించమని అడగవచ్చు, మనంతట మనం తగ్గించుకోలేం. "ఈ రోజు నుంచే" అని రాసి విమానం ఎక్కితే మనం అనధికారికంగా గైర్హాజరైన ఉద్యోగి అవుతాం. అదే నిబంధనలో ఇంకో ముక్క ఉంది. క్రమశిక్షణ చర్య పెండింగ్‌లో ఉన్నవారి రాజీనామా బ్యాంకు ఆమోదిస్తేనే చెల్లుతుంది.

ఈ రెండో ముక్క దగ్గరే ఆయన పెన్సిల్ చాలాసేపు ఆగింది. నా మూడో పేజీలో ఇలా ఉంది: "టార్గెట్ల కోసం క్రాప్ లోన్ రెన్యువల్‌కి వచ్చిన రైతులకి, వాళ్ళకి తెలియకుండానే, మేం బీమా పాలసీలు కట్టించాం."

"మేం అంటే నువ్వూనా?"

"లేదు సార్. నేను ఒప్పుకోలేదు. అందుకే నన్ను ఆ శాఖ నుంచి ఇక్కడికి మార్చారు."

"మరి 'మేం' అని ఎందుకు రాశావమ్మా? ఇది నీ మీద నువ్వే రాసుకున్న చార్జిషీటు."

ఆ ఒక్క మాట మీద, తప్పులో నా బాధ్యత ఎంతో తేల్చే స్టాఫ్ అకౌంటబిలిటీ ఎంక్వయిరీ మొదలుపెట్టవచ్చు. చార్జిషీటు దాకా వెళ్తే రాజీనామా ఆగిపోతుంది, వీసా గడువు కరిగిపోతుంది. కోపంలో రాసేటప్పుడు వాక్యం ఊపు కోసం "మేం" అని వచ్చేసింది. నేను చేయని తప్పు నా సంతకంతో నా లేఖలోకి ఎక్కింది.

వెళ్ళాక కూడా ఆ బ్యాంకుతో పని ఉంటుంది. ఫారం 16 వాళ్ళే ఇవ్వాలి. రిలీవింగ్ లెటర్, నో డ్యూస్ వాళ్ళవే. 2023లో కెనడా శాశ్వత నివాసానికి నా అనుభవం లెక్కలోకి రావాలంటే బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఉత్తరం కావలసి వచ్చింది. ఏ హోదాల్లో ఎన్నాళ్ళు, ఏ పనులు, వారానికి ఎన్ని గంటలు, జీతం ఎంత అన్నీ ఉండాలి, పై అధికారి గానీ హెచ్‌ఆర్ గానీ సంతకం పెట్టాలి. మామూలు సర్వీసు సర్టిఫికెట్‌లో చేసిన పనుల వివరం ఉండదు. ఎవరో ఒకరు కూర్చుని ప్రత్యేకంగా రాసిపెట్టాలి. నాకు రాసిపెట్టింది నాన్న ఆపరేషన్‌కి సెలవు ఇవ్వని ఆ మేనేజరే. అప్పటికి ఆయన రీజనల్ ఆఫీసుకి వెళ్ళారు. నాలుగు రోజుల్లో పంపారు.

వీసా తిరగబడే అవకాశమూ ఉంటుంది. ముందు తేదీ వేసి ఇచ్చిన రాజీనామాని, అడ్డుచెప్పే నిబంధన ఏదీ లేకపోతే, ఆ తేదీ రాకముందే వెనక్కి తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 1978లో చెప్పింది. 1989లో పంజాబ్ నేషనల్ బ్యాంకు అధికారి ఒకరి కేసు కూడా ఇలాంటిదే. ఆయన 1986 జనవరిలో రాజీనామా ఇచ్చి జూన్ ఆఖరు నుంచి అన్నారు. బ్యాంకు ఫిబ్రవరిలోనే ఆమోదించామంది. ఆయన ఏప్రిల్లో వెనక్కి తీసుకున్నారు. కోర్టు ఆయన వైపే నిలిచింది. అంటే చట్టం తలుపు తెరిచే ఉంచుతుంది. మూడు పేజీల తిట్లు రాసి అదే శాఖకి తిరిగి వెళ్ళి కూర్చోవడం ఎలా ఉంటుందో ఆలోచించుకోండి.

మర్యాద లేఖ అబద్ధమన్న మాట నన్ను ఎక్కువ బాధపెట్టింది, ఎందుకంటే మొదట నేనూ అలాగే అనుకున్నాను. "మీ ప్రోత్సాహం మరువలేనిది" అని రాయమంటారేమోనని భయపడ్డాను. ఆయన అది రాయనివ్వలేదు. "జరగనిది ఒక్కటీ రాయకు. జరిగినవాటిలో ఈ కాగితానికి పనికొచ్చేవి రాయి" అన్నారు. ఇద్దరం కూర్చుని వాక్యం వాక్యం మార్చాం.

"నన్ను కక్షగట్టి పల్లెటూరికి పంపారు" పోయి "2019 నుంచి ఈ శాఖలో వ్యవసాయ రుణాలు చూస్తున్నాను" వచ్చింది. కక్ష అన్నది నా ఊహ. 2019 అన్నది రికార్డు. "ఎవరూ ఏమీ నేర్పలేదు" అన్నది చదివి ఆయన నవ్వలేదు, "నిజంగా ఎవరూ నేర్పలేదా?" అని అడిగారు. బంగారు నగ గీటురాయి మీద గీసి చూడటం నాకు నేర్పింది మా అప్రైజర్. పొలానికి తీసుకెళ్ళి మిర్చి తోటలో పెట్టుబడి ఎంతవుతుందో లెక్క చెప్పింది ఒక క్లర్కు, రిటైర్ కావడానికి రెండేళ్ళు ఉన్న మనిషి. మూడు పేజీల్లో వాళ్ళ ఊసే లేదు. అబద్ధం ఎక్కడుందో అప్పుడు తెలిసింది. ఇచ్చింది ఇంగ్లిషులో, తెలుగులో ఇలా ఉంటుంది:

"అయ్యా, కుటుంబంతో కెనడాకి వెళ్ళి స్థిరపడుతున్నందున నా ఉద్యోగానికి రాజీనామా చేస్తున్నాను. ఈ లేఖ తేదీ 2022 మార్చి 2. మూడు నెలల నోటీసు జూన్ 1తో ముగుస్తుంది. మే 16న ప్రయాణం ఉన్నందున, వీలైతే నోటీసు గడువు తగ్గించి మే 13 సాయంత్రం రిలీవ్ చేయవలసిందిగా కోరుతున్నాను. వీలుకాని పక్షంలో ప్రయాణం మార్చుకుంటాను. వార్షిక ముగింపు పని పూర్తి చేస్తాను. ఏప్రిల్లో బంగారు రుణాల ప్యాకెట్లు, తాళాలు, రెన్యువల్ కావలసిన పంట రుణాల జాబితా లెక్క చూసి అప్పగిస్తాను. నా మీద ఉన్న బాకీలు రిలీవ్ అయ్యేలోగా కట్టేస్తాను. 2019 నుంచి ఈ శాఖలో వ్యవసాయ రుణాల పని నేర్చుకున్నాను. నేర్పిన సహోద్యోగులకి కృతజ్ఞతలు."

అంతే. మేనేజర్‌ని పొగడలేదు, తిట్టలేదు. "కోరుతున్నాను" అని అడిగినందుకు మే 13 ఇచ్చారు. డెస్కు ఆఫీసర్ నోట్‌కి కావలసినవన్నీ ఆ లేఖలోనే ఉన్నాయి, ఫైలు ఒక్కసారి కూడా వెనక్కి రాలేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాత పింఛను ఉన్నవాళ్ళు, అంటే 2010 ఏప్రిల్ 1కి ముందు చేరి ఇరవై ఏళ్ళ సర్వీసు నిండినవాళ్ళు, నా లేఖ చూసి "రాజీనామా" అని రాయకండి. 1995 పింఛను నిబంధనల్లో 22వది ప్రకారం రాజీనామాతో వెనకటి సర్వీసంతా రద్దవుతుంది. మీరు అడగవలసింది 29వ నిబంధన కింద స్వచ్ఛంద పదవీ విరమణ. కోపంగా రాసిన మూడు పేజీల కంటే అక్కడ ఆ ఒక్క పదం ఎక్కువ నష్టం చేస్తుంది. నేను కొత్త పింఛను పథకం ఎన్‌పీఎస్‌లో ఉన్నదాన్ని కాబట్టి నాకు ఆ చిక్కు లేదు.

పిరికితనం సంగతి మిగిలింది. రైతుల పాలసీల విషయం నేను వదిలేయలేదు. రాజీనామాలో ఆ ఆరోపణకి ఆధారం చూపే చోటు లేదు, విచారణ జరిపే అధికారీ లేడు. విడిగా ఫిర్యాదు రాశాను: ఏ ఖాతా, ఏ తేదీన రెన్యువల్, అదే రోజు ఎంత ప్రీమియం కట్ అయింది, ఆ రైతు నాతో ఏమన్నాడు. పదకొండు ఖాతాలు, ఒక్క విశేషణం లేదు. నేను చూసినవే రాశాను, "మేం" అని ఎక్కడా రాలేదు. పేరు బయటపడుతుందని భయం ఉన్నవాళ్ళకి 2004 నుంచి కేంద్ర విజిలెన్స్ కమిషన్ దగ్గర ప్రజాహిత వెల్లడి దారి ఉంది. పేరు లేని ఫిర్యాదు తీసుకోరు కానీ ఆ పేరు గుట్టుగా ఉంచుతారు. నేను బ్యాంకు విజిలెన్స్‌కే పేరు పెట్టి ఇచ్చాను. నెల తర్వాత వివరాలకి పిలిచారు, వెళ్ళి చెప్పాను. ఇద్దరు రైతులకి ప్రీమియం తిరిగి ఖాతాలో పడిందని తర్వాత మా క్లర్కు గారు ఫోన్ చేసి చెప్పారు. మిగిలిన తొమ్మిది మంది సంగతి ఇప్పటికీ నన్ను వదల్లేదు.

మార్చి 2న ఆ రెండు కాగితాలూ ఇచ్చాను, వేర్వేరు కవర్లలో. రెండిటికీ ఇన్‌వర్డ్ నంబరు వేయించుకుని, స్టాంపు పడ్డ కాపీలు చేతిలో పట్టుకునే బయటికి వచ్చాను.