ఛార్జ్ మెమోకి జవాబు ఇవ్వకుండా కూర్చుంటే పోయేది ఎవరికి?

"ఛార్జ్ మెమో వచ్చిందంటే శిక్ష ముందే రాసేసినట్టు. ఎంక్వైరీ అంతా తంతు. జవాబు ఇవ్వద్దు, ఎంక్వైరీకి వెళ్ళొద్దు. ఎక్స్‌పార్టీ చేస్తే కోర్టులో ఇట్టే కొట్టేస్తారు."

శాఖాపరమైన అభియోగాలతో ఛార్జ్ మెమో అందుకున్న ప్రభుత్వ ఉద్యోగుల మధ్య తిరుగుతున్న మెసేజ్ ఇది. అందులోని మొదటి మాట నుంచే మొదలుపెడదాం. మన రెండు రాష్ట్రాల్లో పెద్ద శిక్షలకు దారి చూపేది ఉద్యోగుల క్రమశిక్షణకి సంబంధించిన 1991 నాటి సీసీఏ నియమాల్లోని 20వ రూల్. దాని ప్రకారం మెమోతో పాటు అభియోగాలు, వాటి వివరణ, ఏ కాగితాలతో రుజువు చేస్తారో ఆ జాబితా, ఏ సాక్షులతో రుజువు చేస్తారో ఆ జాబితా ఇవ్వాలి. అంటే ప్రభుత్వం తన చేతిలోని ముక్కలన్నీ మీ ముందు పరచాలి. మెమో రాగానే చూడాల్సింది అందులోని తిట్లు కాదు, ఈ రెండు జాబితాలు.

ఉదాహరణకి ఒక జూనియర్ అసిస్టెంట్ సంగతి అనుకుందాం. వసూలైన 48,600 రూపాయలు బ్యాంకులో 11 రోజులు ఆలస్యంగా కట్టాడని మొదటి అభియోగం. క్యాష్ బుక్ సరిగా రాయలేదని రెండోది. కాగితాల జాబితాలో క్యాష్ బుక్, చలానా, ఆడిట్ రిపోర్టు ఉన్నాయి. సాక్షి ఒక్కరే, సూపరింటెండెంట్.

ఇతను జవాబు ఇచ్చాడు, ఎంక్వైరీకీ వెళ్ళాడు. జాబితాలో లేని హాజరు పట్టీ తెప్పించమని, అది కేసుకి ఎందుకు అవసరమో చెబుతూ రాతపూర్వకంగా అడిగాడు. ఆ 11 రోజుల్లో 8 రోజులు సెలవులో ఉన్నట్టు అందులో తేలింది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో సూపరింటెండెంట్‌ని అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ 8 రోజులు క్యాష్ చెస్ట్ తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి?" "నా దగ్గరే" అని ఆయన చెప్పింది వాంగ్మూలంలోకి ఎక్కింది. దాని కింద ఆయన సంతకం కూడా పడింది. ఎంక్వైరీ ఆఫీసర్ మొదటి అభియోగం రుజువు కాలేదని రాశారు. తంతు అంటున్న చోటే అసలు విషయం తేలింది.

ఆడిట్ రిపోర్టు సంగతీ చూడాలి. కాగితం ఫైల్లో పెట్టినంత మాత్రాన అది రుజువైనట్టు కాదు, దాన్ని సాక్షి ద్వారా రుజువు చేయాలని సుప్రీంకోర్టు 2008లో రూప్ సింగ్ నేగీ కేసులో చెప్పింది. అయితే ఆ అభ్యంతరం ఎంక్వైరీలోనే లేవనెత్తి, రికార్డులోకి ఎక్కించాలి. శాఖాపరమైన విచారణలో క్రిమినల్ కేసంత గట్టి రుజువు అక్కర్లేదు, తప్పు జరిగే ఉంటుందన్న వైపు మొగ్గు ఉంటే చాలు. అందుకే ఎదురు ప్రశ్నకి ఇక్కడ ఇంత విలువ.

ఎంక్వైరీ రిపోర్టుతో కథ అయిపోదు. శిక్ష వేసే అధికారి దాని కాపీ ఇచ్చి మన వాదన తీసుకోవాలి. ఇది 1993లో కరుణాకర్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన మాట. మన జూనియర్ అసిస్టెంట్ విషయంలో పై అధికారి "మొదటి అభియోగం కూడా రుజువైందనే నేననుకుంటున్నాను" అంటే? ఎందుకలా అనుకుంటున్నారో తాత్కాలిక కారణాలు రాసి పంపి, జవాబు తీసుకున్నాకే నిర్ణయించాలి. 1998లో కుంజ్ బిహారీ మిశ్రా కేసు ఈ సంగతి తేల్చింది. ఈ నోటీసు లేకుండా నేరుగా శిక్ష ఉత్తర్వు వస్తే, అది కోర్టులో నిలబడటం కష్టం.

ఇక ఎక్స్‌పార్టీ. ఉద్యోగి రాకపోయినా శాఖ తన సాక్ష్యం చూపించాల్సిందే, ఎంక్వైరీ ఆఫీసర్ దాన్ని తూచాల్సిందే. 2010లో సరోజ్ కుమార్ సిన్హా కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. మెసేజ్‌లో ఉన్న కాస్త నిజం ఇదే. కానీ నోటీసు అంది కూడా మనంతట మనమే వెళ్ళకపోతే, "నాకు అవకాశం ఇవ్వలేదు" అని కోర్టుకి ఎలా చెబుతాం? పైగా తాళాల ప్రశ్న అడిగేవాళ్ళు ఉండరు. సూపరింటెండెంట్ చెప్పిందే రికార్డు అవుతుంది. హైకోర్టు అప్పీలు కోర్టు కాదు, సాక్ష్యాన్ని మళ్ళీ మొదటి నుంచి తూచదు. పద్ధతి తప్పిందా, అసలు సాక్ష్యమే లేదా అన్నదే ప్రధానంగా చూస్తుంది. రిపోర్టు కాపీ ఇవ్వకపోయినా, దానివల్ల ఏ నష్టం జరిగిందో చూపించాలని కరుణాకర్ తీర్పే చెబుతోంది.

సరే, ఉత్తర్వు కొట్టేశారనుకుందాం. సాధారణంగా లోపం జరిగిన దశ నుంచి విచారణ మళ్ళీ జరపమని వెనక్కి పంపుతారు. అప్పటికి కొన్నేళ్ళు గడిచిపోతాయి. సూపరింటెండెంట్ రిటైరై ఉంటారు, ఆ హాజరు పట్టీ ఏ బీరువాలో ఉందో చెప్పేవాళ్ళు ఆఫీసులో ఉండరు.