‘ముందే చెప్పాను కదా’ అనకుండా ముందు చెప్పింది గుర్తుచేయడం ఎలా?

విజయవాడలో చిన్న ప్రెస్సు నడిపే మిత్రుడు ఒకరు ఆ మధ్య తాను పంపిన మెయిల్ ఒకటి చూపించి, ఇందులో తప్పేముందో చెప్పమన్నారు. హైదరాబాదులోని ఒక సంస్థకు 2,000 డైరీలు అచ్చువేసే పని అది. నవంబరు 3న ఆయన వాళ్లను మూడు విషయాలు అడిగారు: కవరు రంగు, సరుకు దించాల్సిన చిరునామా, బిల్లు మీద వేయాల్సిన పర్చేజ్ ఆర్డర్ నంబరు. 5న జవాబు వచ్చింది. రంగు చెప్పారు, చిరునామా ఇచ్చారు, నంబరు ఊసు లేదు. అయిదు రోజులు చూసి 10న ఈయన ఇలా రాశారు:

“నా గత మెయిల్‌లో స్పష్టంగా తెలియజేసినట్లు, పీఓ నంబరు లేనిదే బిల్లు వేయలేము. దయచేసి మెయిల్ పూర్తిగా చదివి సమాధానం ఇవ్వగలరు.”

‘దయచేసి’ ఉంది, ‘గలరు’ ఉంది. అయినా మర్నాడు వచ్చిన జవాబులో అవతలి ఉద్యోగిని తన పై అధికారిని కూడా చేర్చారు. తాము రెండు రోజుల్లోనే సమాధానం ఇచ్చామని, పీఓ తీసేది కొనుగోలు విభాగమని, దానితో తమకు సంబంధం లేదని రాశారు. తర్వాత నాలుగు మెయిళ్లు ఎవరు ఎప్పుడు ఏం చెప్పారన్న లెక్కల్లోనే గడిచాయి. నంబరు 17న చేతికొచ్చింది.

ఉత్తరప్రత్యుత్తరాలన్నీ ఇంగ్లీషులో సాగే ఆఫీసుల్లో ఈ ధోరణికి పేరుమోసిన రూపం ‘పర్ మై లాస్ట్ ఈమెయిల్’. ఉద్యోగులను చికాకు పెట్టే మెయిల్ మాటలు ఏవో తెలుసుకునేందుకు 2018లో అడోబీ సంస్థ అమెరికాలో ఒక సర్వే చేసింది. 13 శాతం మంది ఈ మాటను ఎంచుకున్నారు. అయితే మొదటి స్థానం దీనిది కాదు. ‘నా గత మెయిల్ మీరు చూశారో లేదో’ అనే అర్థం వచ్చే వాక్యం 25 శాతంతో ముందు నిలిచింది. చూడబోతే ఇది మెత్తటి మాట, సందేహలాభం ఇస్తున్న మాట. అదే ఎక్కువ మందికి గుచ్చుకుంది. కటువైన మాట తీసి మెత్తటి మాట పెడితే సరిపోతుందన్న సలహా ఇక్కడే బోల్తా పడుతుంది. రెండు వాక్యాల్లోనూ చర్చకు వచ్చింది పని కాదు, చదివేవారి శ్రద్ధ. మొదటిది చదవలేదని తేల్చేసింది, రెండోది చదవలేదేమోనని అనుమానించింది. మన ఆఫీసుల్లో ప్రతి రెండో మెయిల్ మీదా కనిపించే ‘జెంటిల్ రిమైండర్’ కూడా ఈ కోవలోదే అని నా అనుమానం. సున్నితంగా అడుగుతున్నానని తలకట్టులో ప్రకటించుకోవాల్సి వచ్చిందంటే లోపల ఏదో కుతకుతమంటున్నట్టే.

మిత్రుడు తన మెయిల్‌ను నాకు పైకి చదివి వినిపించినప్పుడు మాత్రం అది మెత్తగానే ఉంది. ఆయన గొంతు అందులో కలిసింది కాబట్టి. 2005లో వెలువడిన ఒక మనస్తత్వ అధ్యయనం సరిగ్గా దీన్నే పరీక్షించింది. కొన్ని వాక్యాలను వ్యంగ్యంగా, కొన్నింటిని మామూలుగా రాసి మెయిల్‌లో పంపమన్నారు. తమ ధోరణిని అవతలివారు సుమారు 78 శాతం సార్లు సరిగా గుర్తుపడతారని రాసినవారు అంచనా వేశారు. నిజానికి గుర్తుపట్టింది 56 శాతం. బొమ్మాబొరుసూ వేసినదానికి కాస్త ఎక్కువ, అంతే.

మెయిల్ ఇంగ్లీషులో రాసినా మనం ఆలోచించేది తెలుగులోనే కాబట్టి, ముల్లు ఎక్కడ దాగుతుందో తెలుగులోనే చూద్దాం. ‘చెప్పాను’లో ముల్లు లేదు. ‘ముందే చెప్పాను’ అనగానే ఆ ఒక్క ఏకారం పని మొదలుపెడుతుంది. ‘చెప్పాను కదా’ అంటే ఒప్పుకోక తప్పని స్థితిలోకి నెట్టినట్టు. ‘మరోసారి తెలియజేస్తున్నాను’లో లెక్కపెడుతున్నానన్న హెచ్చరిక ఉంది. ‘స్పష్టంగా’ అన్నది అన్నింటికంటే గడుసుది: చెప్పింది స్పష్టంగా ఉంటే, అర్థం కాకపోవడం ఎవరి లోపమో వేరే చెప్పనక్కరలేదు. మిత్రుడి మెయిల్‌లో ‘స్పష్టంగా’, ‘పూర్తిగా’ అనే రెండు మాటలు కొట్టేస్తే సమాచారం అక్షరం తగ్గదు. తీసేసినా అర్థం మారని మాటే సాధారణంగా కుట్టే మాట.

విరుగుడు కూడా తెలుగులోనే ఉంది. ‘మీరు పంపలేదు’ అంటే వాక్యంలో దోషి కూర్చుని ఉన్నాడు. ‘మాకు ఇంకా అందలేదు’ అంటే నిజం అదే, దోషి లేడు. పంపకపోయి ఉండవచ్చు, దారిలో తప్పి ఉండవచ్చు, స్పామ్‌లో పడి ఉండవచ్చు. అలాగే ‘నేను మీకు చెప్పాను’ బదులు ‘3వ తేదీ మెయిల్‌లో ఉంది’ అంటే వేలు మనిషి వైపు నుంచి కాగితం వైపు తిరుగుతుంది.

ఈ విద్య మన సర్కారు దఫ్తరాలకు ఎప్పటి నుంచో తెలుసు. ప్రభుత్వ లేఖలో ‘విషయం’ కింద ‘సూచిక’ అని ఉంటుంది. పాత లేఖల నంబర్లు, తేదీలు అక్కడ వరుసగా పడతాయి. లోపల ‘పై సూచిక 2 ద్వారా కోరిన నివేదిక నేటి వరకు అందలేదు’ అని ఒక్క వాక్యం. ఆ భాషను మనం ఎంత ఎగతాళి చేసినా, అందులో ఎవరి జ్ఞాపకశక్తి మీదా వ్యాఖ్య లేదు. పాత లేఖ ఉందన్న ఆధారం మాత్రం గట్టిగా ఉంది. కాకపోతే ఆ పద్ధతిలో సూచిక చూసి పాత కాగితం తీసి చదువుకునే బాధ్యత చదివేవారిదే. ఫైలు ఎదురుగా ఉన్న గుమస్తాకు అది సాధ్యం. బస్సులో ఫోను చూసుకుంటున్న ఉద్యోగికి కాదు.

కాబట్టి పాత మెయిల్‌ను చూపిస్తే చాలదు, అందులోని విషయాన్ని మోసుకొచ్చి ఇక్కడ పెట్టాలి. ఇద్దరం కూర్చుని మిత్రుడి మెయిల్‌ను ఇలా తిరగరాశాం:

“నమస్కారమండీ. డైరీల బిల్లు వేయడానికి పీఓ నంబరు కావాలి. నవంబరు 3 నాటి మెయిల్‌లో అడిగిన మూడింటిలో కవరు రంగు, చిరునామా మీ 5వ తేదీ జవాబుతో ఖరారయ్యాయి, ఇదొక్కటే మిగిలింది. 13 గురువారం సాయంత్రంలోగా అందితే 14న సరుకుతో పాటే బిల్లు పంపుతాం. నంబరు ఇచ్చేది వేరే విభాగమైతే ఎవరిని అడగాలో చెప్పండి, నేనే వారికి రాస్తాను.”

మొదటి వాక్యంలోనే కావలసినదేమిటో ఉంది, పాత మెయిల్ ప్రస్తావన ఆ తర్వాత వచ్చింది. అవతలివారు పూర్తిచేసిన రెండు పనులూ లెక్కలోకి వచ్చాయి. పాత మెయిల్ తేదీతో సహా నమోదైంది కనుక రేపు జాప్యం ఎక్కడ జరిగిందన్న ప్రశ్న వస్తే ఆధారం చెక్కుచెదరకుండా ఉంటుంది. అన్నింటికంటే విలువైనది చివరి వాక్యం. కటువు మెయిల్ ఒకే కారణాన్ని ఊహించింది: చదవలేదు అని. అసలు కారణం, ఆ నంబరు ఆమె చేతిలో లేకపోవడం. మూడో ప్రశ్నను ఆమె చదవకుండా వదిలేయలేదు, ఏం చెప్పాలో తెలియక వదిలేశారు. ఆ సంగతి బయటపడటానికి దారి ఇచ్చేది చివరి వాక్యమే.

యంత్రం తెచ్చే చిక్కులు కొన్ని ఉన్నాయి. ‘కింది మెయిల్ చూడండి’ అని రాస్తాం, జీమెయిల్ ఆ కింది మెయిల్‌ను మూడు చుక్కల వెనక దాచేస్తుంది. అందుకే అసలు వాక్యాన్ని కాపీ చేసి పైన పెట్టడం మేలు. గుర్తుచేసేటప్పుడు సబ్జెక్టు లైన్‌లో ‘అర్జెంట్’ చేర్చడం చాలామందికి అలవాటు. సబ్జెక్టు మారితే జీమెయిల్ దాన్ని కొత్త సంభాషణగా విడగొడుతుంది, పాత మెయిల్‌కు చూపిన దారి అక్కడే తెగిపోతుంది. ఇక జతచేసిన ఫైలు. రిప్లై కొడితే పాత మెయిల్‌లోని ఫైలు సాధారణంగా వెంట రాదు, ఫార్వర్డ్ చేస్తేనే వస్తుంది. ‘ఇంతకుముందే జతచేశాను’ అని రాసిన మెయిల్‌లో ఆ ఫైలు లేకపోవడం నేను చాలాసార్లు చూశాను. రెండోసారి జతచేయడానికి పట్టేది పది సెకన్లు.

ఇప్పటివరకు చెప్పింది జవాబు రాని సందర్భం. మనం ఇచ్చేసిన సమాచారాన్నే అవతలివారు మళ్లీ అడిగే సందర్భం వేరు. అక్కడ ‘పాత మెయిల్ చూడండి’ అనడం కంటే జవాబు తిరిగి ఇచ్చేయడమే చవక: “బ్యాంకు వివరాలు ఇవి. రద్దుచేసిన చెక్కు కాపీతో కలిపి నవంబరు 3 నాటి మెయిల్‌లోనూ ఉన్నాయి.” ఆ ‘లోనూ’ చాలు. ఇంతకుముందు పంపామన్నది నమోదైంది, ఎవరినీ తప్పుపట్టలేదు.

మూడో సందర్భంలో మాత్రం నేను మెత్తదనానికి ఓటు వేయను. అంగీకరించిన మాటను అవతలివారు మార్చేసినప్పుడు, ముందు ఎరుపు కవరు అని ఇప్పుడు నీలం అడిగామంటున్నప్పుడు, సూచన పదునుగానే ఉండాలి. అయితే ఆ పదును విశేషణాల్లో కాదు, తేదీలో, యథాతథ వాక్యంలో ఉండాలి: “5వ తేదీ మీ మెయిల్‌లో ‘కవరు ఎరుపు ఖరారు’ అని ఉంది. దాని ప్రకారం 2,000 కవర్లు అచ్చయ్యాయి. నీలం కావాలంటే మళ్లీ అచ్చువేయాలి, ఆ ఖర్చు వేరుగా అవుతుంది. ఎలా చేద్దాం?” ఇక్కడ నొప్పించకూడదని తేదీ వదిలేసి ‘బహుశా పొరపాటు జరిగినట్టుంది’ అని రాస్తే, పొరపాటు మనదేనని మనమే రాసిచ్చినట్టవుతుంది. తటస్థంగా రాయమన్నారని ఆధారాన్ని కూడా కరిగించేసేవారిని చూస్తే, కటువుగా రాసేవారే నయమనిపిస్తుంది.

ఎంత పొందికగా రాసినా జవాబు రాని మెయిళ్లు ఉంటాయి. రెండుసార్లు గుర్తుచేశాక మూడోసారి మెయిల్ రాయడం కంటే ఫోను చేసి, మాట్లాడిన సంగతిని అదే సంభాషణలో రెండు ముక్కల్లో నమోదు చేయడం నయమని మా మిత్రుడి లెక్క. డబ్బు విషయంలో తేదీలకు ఇంకో విలువ కూడా ఉంది. రిజిస్టరైన సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి సరుకు తీసుకున్నవారు, ఒప్పందంలో గడువు ఏదని రాసుకున్నా, స్వీకరించిన 45 రోజుల్లోగా చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఆ రోజులు లెక్కించాల్సి వచ్చినప్పుడు ‘స్పష్టంగా తెలియజేసినట్లు’ అన్న మాట ఆయనకు అక్కరకు రాదు. సరుకు ఏ రోజు దిగింది, బిల్లు ఏ రోజు వెళ్లింది అన్నవే చూస్తారు. డైరీల బిల్లులో పీఓ నంబరు వేసి పంపిన 17వ తేదీ మెయిల్ అడుగున ఆయన ఇప్పుడు ఒక వరుస చేర్చుకున్నారు: “సూచిక: నవంబరు 3, 5, 10 నాటి మెయిళ్లు.”