రెండు గంటల ఎక్సెల్ క్లాసుకు ఒక్క పని చాలు

ఆఫీసుల్లో ఎక్సెల్ ట్రైనింగ్ అనగానే నలభై ఫార్ములాల జాబితా తెరమీద వేసి చదివేయడం ఇకనైనా ఆపండి. రెండు గంటల్లో స్టాఫ్‌కు పట్టుబడేది ఒక పని, దానికి కావలసిన రెండు మూడు ఫార్ములాలు. అకౌంట్స్ వాళ్లకైతే ఆ పని కళ్లముందే ఉంది: కొనుగోలు రిజిస్టర్‌ని, సప్లయర్లు చూపిన బిల్లులతో తయారయ్యే జీఎస్టీఆర్-2బీతో సరిచూడటం. 2బీ ప్రతి నెలా 14న వస్తుంది, నెలవారీ జీఎస్టీ రిటర్న్ 3బీకి గడువు 20. క్లాసు ఆ మధ్యలో పెడితే నేర్చుకున్నది అదే వారం పనికొస్తుంది.

ప్రాక్టీస్ ఫైల్ మీరే తయారుచేయండి. రిజిస్టర్‌లో 60 బిల్లులు, 2బీ షీట్‌లో 58. రెండింటిలోనూ A ఖాళీ, B జీఎస్టీ నంబరు, C టెక్స్ట్ ఫార్మాట్‌లో బిల్లు నంబరు, D పన్ను. రిజిస్టర్‌లో నాలుగు బిల్లు నంబర్ల చివర స్పేస్ పెట్టండి. 2బీలో 0045లా ఉన్న వేరే మూడు నంబర్లను రిజిస్టర్‌లో 45లా ఉంచండి. 2బీ వరుసను తప్పకుండా తారుమారు చేయండి. రెండు జాబితాలూ ఒకే వరుసలో ఉంటే ఫార్ములాలో డాలర్ గుర్తు మరిచిపోయినా చాలాచోట్ల జవాబు సరిగ్గానే వచ్చి, తప్పు దాగిపోవచ్చు.

ఇద్దరికో కంప్యూటర్ ఇచ్చి, ఎక్సెల్ తక్కువ వచ్చినవాళ్ల చేతికి కీబోర్డు ఇవ్వండి. నేర్పేవాళ్లు మౌస్ ముట్టుకోకూడదు. మొదటి పది నిమిషాలు ఐదు బిల్లులు కళ్లతోనే వెతకమనండి. తర్వాత రెండు షీట్లలోనూ A2లో `=B2&"|"&C2` రాసి కిందికి లాగాలి. బిల్లు నంబరొక్కటే సరిపోదు, ఇద్దరు సప్లయర్లకు ఒకే నంబరు ఉండొచ్చు. ఆపైన రిజిస్టర్‌లో E2లో ఇది రాసి కిందికి లాగాలి:

```
=VLOOKUP(A2,'2B'!$A$2:$D$59,4,FALSE)
```

తొమ్మిది చోట్ల #N/A వస్తుంది. అసలు పాఠం ఇక్కడే మొదలవుతుంది, కనీసం నలభై నిమిషాలు దీనికే ఉంచండి. IFERROR పెట్టి దాచేస్తామంటే ఆ రోజుకు ఒప్పుకోకండి, ఆ తొమ్మిదీ ఎందుకు దొరకలేదో చెప్పించండి. `=LEN(C2)` వేస్తే కంటికి కనబడని స్పేస్ బయటపడుతుంది. రెండు షీట్లలోనూ A2 ఫార్ములాలో C2 బదులు `TRIM(C2)` పెట్టి మళ్లీ కిందికి లాగితే ఐదు మిగులుతాయి. `TEXT(TRIM(C2),"0000")` చేస్తే రెండు. ఆ రెండూ 2బీలో నిజంగానే లేవు: ఫార్ములా పని అయిపోయింది, సప్లయర్‌కి ఫోన్ చేయాలి.

ఇప్పుడు కచ్చితంగా అదే బిల్లు కావాలని చెప్పే FALSEను, దాని ముందున్న కామాతో సహా తీసేసి చూడమనండి. వరుస తారుమారైన జాబితాలో ఎర్రర్ చూపకుండానే వేరే బిల్లు పన్ను తెచ్చి పెట్టగలదు. #N/A కన్నా ఇదే ప్రమాదం, ఎందుకంటే ఎవరికీ అనుమానం రాదు.

చివరి అరగంట ఎవరి నెల ఫైలు వాళ్లు తెరవాలి. వెబ్ నుంచి కాపీ చేసిన డేటాలో TRIM వేసినా పోని స్పేస్ ఉంటే అది సాధారణంగా CHAR(160), దాన్ని `SUBSTITUTE(C2,CHAR(160),"")`తో తీయాలి. ఈ ఒక్క లైను బోర్డు మీద రాసి ఉంచండి.